కొండ బొమ్మ గీయడం వేరు, చదవడం వేరు

విజయనగరంలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పే నాకు ఏటా ఒకే బొమ్మ, చర్య శక్తి చిత్రం, వందల కాగితాల మీద ఎదురవుతుంది. రెండు గీతలు, మధ్యలో ఒక కొండ, దాని కింద చుక్కల గీతతో చిన్న కొండ. పెద్ద కొండ పక్కన 'ఉత్ప్రేరకం లేకుండా', చిన్న కొండ పక్కన 'ఉత్ప్రేరకంతో'. ఉత్ప్రేరకం అంటే రసాయన చర్య వేగం పెంచే పదార్థం. బొమ్మ బాగానే ఉంటుంది. కానీ పెన్ను పట్టుకుని "ఈ చర్య వెనక్కి నడవాలంటే ఎంత శక్తి కావాలి?" అని అడిగితే గది మొత్తం నిశ్శబ్దం. బొమ్మ గీశారు, చదవలేదన్నమాట.

పోయినసారి ఒక అమ్మాయి గీసిన బొమ్మలో చుక్కల గీత మొదలే కిందనుంచి మొదలైంది, చివర ఇంకా కిందకి దిగింది. "ఉత్ప్రేరకం శక్తి తగ్గిస్తుంది కదా మాస్టారూ, అందుకే మొత్తం కిందకి దించేశాను" అంది. తప్పే, కానీ ఆలోచించి చేసిన తప్పు. పుస్తకంలో 'ఉత్తేజన శక్తిని తగ్గిస్తుంది' అన్న వాక్యాన్ని ఆ పిల్ల నమ్మింది. ఎక్కడినుంచి ఎక్కడికి కొలిచిన శక్తి అని ఎవరూ చెప్పలేదు.

ఆమెది శృంగవరపుకోట, అంటే ఎస్.కోట వైపు ఊరు. అందుకని అరకు కథతో మొదలుపెట్టాను.

అరకు నుంచి ఎస్.కోట రావాలి. అరకు పైన, ఎస్.కోట కింద మైదానంలో. మొత్తం మీద దిగుడే. అయినా అరకులో బయల్దేరిన బండి నేరుగా కిందకి జారిపోదు. ముందు కొంత ఎక్కాలి. రోడ్డు మీద వస్తే గాలికొండ దగ్గర ఎత్తు దాటాకే అనంతగిరి మలుపుల్లో దిగుడు మొదలవుతుంది. రైల్లో వస్తే శిమిలిగూడ స్టేషన్ దాటాలి. అది సముద్రమట్టానికి సుమారు 997 మీటర్లు, గాలికొండ దగ్గర రోడ్డు ఎక్కే ఎత్తుకంటే తక్కువ. రెండు దారులూ అరకులోనే మొదలవుతాయి, రెండూ ఎస్.కోట చేరుస్తాయి. రైలు దారి ఉందని అరకు ఎత్తు మారదు, ఎస్.కోట పైకి లేవదు. మారింది మధ్యలో దాటాల్సిన ఎత్తు ఒక్కటే.

చర్య శక్తి చిత్రం కూడా ఇంతే. నిలువు అక్షం శక్తి. ఎడమ చివర క్రియాజనకాలు, అంటే చర్యలోకి దిగే పదార్థాలు. కుడి చివర క్రియాజన్యాలు, అంటే చర్యలో పుట్టే పదార్థాలు. ఎడమ మట్టం నుంచి శిఖరం దాకా ఎక్కుడు ఉత్తేజన శక్తి. ఎడమ మట్టానికీ కుడి మట్టానికీ తేడా చర్యలో విడుదలైన, లేదా పీల్చుకున్న శక్తి. ఈ బొమ్మలో ఏ సంఖ్యకైనా రెండు మట్టాలు ఉండాలి. 'శిఖరం ఎత్తు 76' అంటే సగం మాటే. దేని మీంచి 76 అన్నది మిగతా సగం.

అడ్డ అక్షం దగ్గర మాత్రం అరకు పోలిక వదిలెయ్యాలి. అది దూరం కాదు, కాలం అంతకన్నా కాదు. పాత బంధం ఎంత సాగింది, కొత్త బంధం ఎంత ఏర్పడింది అన్న పురోగతి. కొండ వెడల్పుగా గీస్తే చర్య ఎక్కువసేపు పడుతుందని చాలామంది పిల్లలు రాస్తారు. వెడల్పుకి ఆ అర్థం లేదు. నిమిషాలు, గంటలు ఈ బొమ్మలో ఎక్కడా రాసి ఉండవు.

ఇప్పుడు నిజమైన చర్య ఒకటి తీసుకుందాం. మెడికల్ షాపులో పుండు కడగడానికి ఇచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్. అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది:

```
2 H₂O₂ → 2 H₂O + O₂
```

ఒక మోల్ పెరాక్సైడ్ విడిపోతే సుమారు 98 కిలోజౌళ్ల వేడి బయటకి వస్తుంది. పైన రాసిన సమీకరణంలో రెండు మోల్‌లు ఉన్నాయి కాబట్టి 196. అంటే బొమ్మలో ఎడమ మట్టం 0 అనుకుంటే కుడి మట్టం −196 దగ్గర ఉంటుంది. చాలా పెద్ద దిగుడు. అయినా ఆ సీసా అలమరాలో నెలల తరబడి ఉంటుంది. ఎందుకంటే మధ్యలో ఎక్కుడు ఉంది. ఉత్ప్రేరకం లేనప్పుడు ఆ ఎక్కుడు మోల్‌కి సుమారు 76 కిలోజౌళ్లని పాఠ్యపుస్తకాలు ఇస్తాయి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. సమీకరణంలో రెండు మోల్‌లు రాశాం కదా అని వేడిని రెట్టింపు చేశాం. మరి 76ని కూడా 152 చెయ్యాలా? చెయ్యకూడదు. వేడి అనేది ఎంత సరుకు విడిపోయిందన్న లెక్క, సమీకరణం ఎలా రాస్తే దాన్నిబట్టి మారుతుంది. ఉత్తేజన శక్తి అలా కాదు. వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర చర్య వేగం కొలిచి, వేడిమితో వేగం ఎంత గట్టిగా మారుతోందో చూసి రాబట్టిన సంఖ్య అది. మనం కాగితం మీద సమీకరణాన్ని రెండుతో గుణించినంత మాత్రాన సీసాలో చర్య వేగం మారదు.

ఇప్పుడు క్లాసుని నిశ్శబ్దం చేసిన ప్రశ్నకి జవాబు చూడొచ్చు. నీరూ ఆక్సిజనూ కలిసి తిరిగి పెరాక్సైడ్ కావాలంటే కుడి మట్టం నుంచి అదే శిఖరం ఎక్కాలి. 196 ఎక్కితే 0 మట్టానికి వస్తాం, అక్కడినుంచి ఇంకో 76. మొత్తం 272. ఎస్.కోట నుంచి అరకు వెళ్లే బండికి ఎక్కుడు ఎంత ఉంటుందో, అరకు నుంచి వచ్చే బండికి ఎంత ఉంటుందో మన వైపు పిల్లలకి చెప్పక్కర్లేదు. శిఖరం ఒక్కటే, బయల్దేరిన మట్టాన్నిబట్టి ఎక్కుడు మారింది.

76 అన్న ఎక్కుడు చిన్నదా, పెద్దదా? గది ఉష్ణోగ్రత దగ్గర, అంటే సుమారు 300 కెల్విన్ దగ్గర, అణువుల సగటు కదలిక శక్తి ఈ సంఖ్య ముందు చాలా చిన్నది. బండికి ఇంజన్ ఉంటుంది, అణువుకి లేదు. పక్క అణువులు గుద్దుకోగా గుద్దుకోగా ఎప్పుడో ఒకసారి అదృష్టం కలిసొచ్చి సరిపడా శక్తి పోగవుతుంది. ఆ అదృష్టం ఎంతమందికి పడుతుందో చెప్పే లెక్క ఇది:

```
e^(−Ea/RT)
```

ఇందులో Ea ఉత్తేజన శక్తి, R వాయు స్థిరాంకం, T కెల్విన్‌లలో ఉష్ణోగ్రత. Ea చోట 76 కిలోజౌళ్లు వేసి చూస్తే దాదాపు 17 లక్షల కోట్ల గుద్దుళ్లలో ఒకదానికే ఆ స్థోమత ఉంటుంది. అందుకే సీసా నిలవుంటుంది. సీసా వేడి చేస్తే చర్య వేగం పెరుగుతుంది, కానీ శిఖరం తగ్గి కాదు. శిఖరం అక్కడే ఉంటుంది, దాన్ని దాటగలిగే అణువుల సంఖ్య పెరుగుతుంది. వేడి చేయడాన్నీ ఉత్ప్రేరకం వెయ్యడాన్నీ ఒకే గాటన కట్టి 'రెండూ ఉత్తేజన శక్తిని తగ్గిస్తాయి' అని రాసే జవాబుకి నేను మార్కు వెయ్యను.

ఇక ఉత్ప్రేరకం. అదే పెరాక్సైడ్‌లో కొంచెం పొటాషియం అయొడైడ్ వేస్తే బుడగలు లేస్తాయి. కాస్త గిన్నెలు తోమే సబ్బునీళ్లు కూడా కలిపితే నురగ గొట్టం దాటి పొంగుతుంది. పని చేసేది అయొడైడ్ అయాన్, I⁻. పుస్తకంలో 'ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనకుండా వేగం పెంచుతుంది' అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తే కొట్టెయ్యండి. ఇక్కడ అయొడైడ్ బాగా పాల్గొంటుంది. రెండు దశల్లో:

```
మొదటి దశ (నెమ్మది):  H₂O₂ + I⁻ → H₂O + IO⁻
రెండో దశ (వేగం):     H₂O₂ + IO⁻ → H₂O + O₂ + I⁻
```

రెండూ కూడితే అయొడైడ్ అటూ ఇటూ కొట్టేసుకుపోయి, IO⁻ కూడా కొట్టేసుకుపోయి, మనం ముందు రాసిన సమీకరణమే మిగులుతుంది. రెండూ కొట్టుకుపోయేవే కదా, మరి తేడా ఏమిటి? ఎక్కడ ముందు కనిపించిందో చూడండి. అయొడైడ్ ముందు బాణానికి ఎడమవైపు వచ్చింది, చివర కుడివైపు తిరిగొచ్చింది. మనం వేశాం, అది ఖర్చయింది, మళ్లీ పుట్టింది. అది ఉత్ప్రేరకం. IO⁻ని మనం వెయ్యలేదు. మొదటి దశలో పుట్టింది, రెండో దశలో పోయింది. అది మధ్యస్థం. ఇంటర్మీడియట్ చదివే పిల్లలకి ఇంటర్మీడియట్ అంటే ఏమిటని అడిగితే 'రెండేళ్ల కోర్సు' అన్నవాడు నా క్లాసులో ఒకడున్నాడు. టెన్తులోంచి పుట్టి డిగ్రీలో కలిసిపోయేది కాబట్టి పూర్తిగా తప్పు కూడా కాదు.

రెండు దశలు అంటే బొమ్మలో రెండు శిఖరాలు. ప్రతి దశకీ ఒక శిఖరం, ఇది లెక్కపెట్టడానికి తేలిక. ఆ రెండు శిఖరాల మధ్య గుంట ఒకటి ఉంటుంది. (మన వైపు గుంట అంటే పిల్ల అని కూడా అర్థం కాబట్టి ఈ మాటకి క్లాసులో నవ్వులు తప్పవు.) IO⁻ ఉండేది ఆ గుంటలో.

శిఖరం మీద ఉన్నదానికీ గుంటలో ఉన్నదానికీ తేడా తెలిస్తే ఈ బొమ్మ సగం వచ్చినట్టే. మొదటి శిఖరం మీద ఏముంది? పెరాక్సైడ్‌లోని రెండు ఆక్సిజన్ల మధ్య బంధం సాగి తెగడానికి సిద్ధంగా ఉంది. అయొడైడ్‌కీ ఒక ఆక్సిజన్‌కీ మధ్య కొత్త బంధం సగం ఏర్పడింది. ఇది పరివర్తన స్థితి. ఇటు కదిలినా దిగుడే, అటు కదిలినా దిగుడే. బంధం ఒక్కసారి ఊగేంత కాలం, అంటే సెకనులో లక్ష కోట్ల వంతు కన్నా తక్కువే దాని ఆయుష్షు. దాన్ని సీసాలో పట్టలేం, పూర్తి బంధాలతో దాని నిర్మాణం గీయలేం. అందుకే చుక్కల గీతలతో గీస్తాం. గుంటలో ఉన్న IO⁻ అలా కాదు. దాని బంధాలు పూర్తయ్యాయి, దానికి పేరుంది, హైపోఅయొడైట్. నీళ్లలో ఎక్కువ భాగం ప్రోటాన్ తగిలించుకుని HOI రూపంలో ఉంటుంది. అటు వెళ్లాలన్నా ఇటు వెళ్లాలన్నా దానికి కొంత ఎక్కుడు ఉంది కాబట్టే కాసేపైనా నిలుస్తుంది. శిఖరం మీద బాణం గీసి 'మధ్యస్థం' అని రాసిన కాగితాలు దిద్దీ దిద్దీ నా ఎర్ర పెన్నులు అయిపోయాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి బొమ్మకి తిరిగి వద్దాం. అయొడైడ్ దారిలో ఎక్కుడు సుమారు 57 కిలోజౌళ్లు. 76 శిఖరం నొక్కితే 57 కాలేదు. ఆ పాత శిఖరం అక్కడే ఉంది, కొన్ని అణువులు ఇప్పటికీ దాని మీంచే పోతున్నాయి. రైలు వచ్చినంత మాత్రాన గాలికొండ కుంగిపోయిందా? పక్కన వేరే దారి తెరుచుకుంది, ఎక్కువమంది అందులో పోతున్నారు. కాబట్టి చుక్కల గీత మొదలు 0 దగ్గరే, చివర −196 దగ్గరే. ఒకే చోట మొదలై ఒకే చోట ముగియాలి, మధ్యలో విడిపోవాలి.

మొదలు, చివర కదలకపోవడంలో ఇంకో సంగతి దాగి ఉంది. వెనక్కి వచ్చే ఎక్కుడు 272 నుంచి 253 అయింది. ముందుకి తగ్గింది 19, వెనక్కి తగ్గిందీ 19. రెండు వైపులా ఒకే కొలతన తగ్గిస్తుంది కాబట్టే ముందుకీ వెనక్కీ వేగాలు సమానమయ్యే సమతాస్థితిని ఉత్ప్రేరకం కదల్చలేదు, అక్కడికి త్వరగా చేరుస్తుంది. వచ్చే ఆక్సిజన్ కూడా పెరగదు. అరలీటరు వచ్చేచోట అయొడైడ్ వేసినా అరలీటరే, త్వరగా వస్తుంది. "అలాగైతే ఎందుకు మాస్టారూ, వచ్చేది ఏటి పెరగనప్పుడు?" అని అదే అమ్మాయి అడిగింది. ఏడాది పట్టేది నిమిషాల్లో అయిపోవడం చిన్న విషయమా అని తిరిగి అడిగాను.

19 కిలోజౌళ్లు చూడ్డానికి చిన్న తేడా. 76లో పావు వంతు. కానీ ఎక్కుడుకీ అదృష్టానికీ మధ్య సంబంధం తిన్నగా ఉండదు. 57 వేసి అదే లెక్క కడితే, దాదాపు 840 కోట్ల గుద్దుళ్లలో ఒకదానికి స్థోమత వస్తుంది. ఇందాక 17 లక్షల కోట్లలో ఒకటి. అంటే 2000 రెట్లు. ఇందులో మెలిక ఒకటి ఉంది. గుద్దుళ్ల సంఖ్య, దిశ కలిసొచ్చే అవకాశం రెండు దారుల్లోనూ ఒకటే అనుకుని కట్టిన లెక్క ఇది. అయొడైడ్ దారిలో వేగం మనం ఎంత అయొడైడ్ వేశామన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. చిటికెడు వేస్తే ఒకటి, చెంచాడు వేస్తే ఒకటి. బొమ్మలో ఆ చిటికెడు, చెంచా ఎక్కడా కనిపించవు. శక్తి చిత్రం చెప్పేది ఎక్కుడు ఎంత అని, ఎంతమంది ఎక్కుతున్నారని కాదు.

రెండు శిఖరాలు ఉన్నప్పుడు నెమ్మది దశ ఏది? ఇది పరీక్షల్లో బాగా అడిగేది, పుస్తకాలు కంగారుపెట్టేది. 'ఎక్కువ ఎక్కుడు ఉన్న దశ నెమ్మది దశ' అని బట్టీ పట్టిస్తారు. చాలాసార్లు పని చేస్తుంది, కొన్నిసార్లు ముంచుతుంది. పెరాక్సైడ్ పక్కన పెట్టి, ఊహించిన బొమ్మ ఒకటి చూద్దాం. మొదలు మట్టం 0. మొదటి శిఖరం 40. గుంట 30. రెండో శిఖరం 60. చివర −50.

మొదటి దశ ఎక్కుడు 40. రెండో దశ ఎక్కుడు గుంట మీంచి కొలిస్తే 60 లోంచి 30 పోగా 30. కాబట్టి మొదటిదే నెమ్మది అని తొందరపడతాం. కానీ గుంటలో ఉన్న మధ్యస్థం వైపునుంచి చూడండి. ముందుకి వెళ్లాలంటే 30 ఎక్కాలి. వెనక్కి జారిపోవాలంటే 10 ఎక్కితే చాలు. గది ఉష్ణోగ్రతలో ఈ 20 తేడాకి అర్థం, ముందుకి ఒకటి దాటేలోగా వెనక్కి దాదాపు 3000 జారిపోతాయి. కష్టపడి 40 ఎక్కి గుంటలోకి చేరినవాటిలో అధికభాగం మొదటికే వస్తున్నాయన్నమాట. మొదటి దశ అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది, అసలు నిర్ణయం రెండో శిఖరం దగ్గర. ప్రయోగంలో మనకి కనిపించే ఉత్తేజన శక్తి 40 కాదు, 30 కాదు. మొదలు మట్టం నుంచి రెండో శిఖరం దాకా, 60.

గుంట మొదలు మట్టం కంటే పైనున్నప్పుడు అన్నిటికన్నా ఎత్తైన శిఖరాన్ని చూడాలి. గుంట మొదలు మట్టం కంటే కిందకి పోతే కథ మారుతుంది. అప్పుడు మధ్యస్థం ఆ గుంటలో పోగుపడుతుంది, దాంట్లోంచి బయటపడే ఎక్కుడు కొత్త మొదలు మట్టం నుంచి ఎక్కినట్టే లెక్క. అందుకే నేను పిల్లలతో చెప్పేది, రెండు శిఖరాల బొమ్మ కనబడగానే ముందు గుంట మట్టం ఎక్కడుందో చూడమని.

మరి పెరాక్సైడ్, అయొడైడ్ బొమ్మలో మొదటి దశే నెమ్మదిదని నేను ఏ ధైర్యంతో రాశాను? బొమ్మ చూసి కాదు. బొమ్మ ప్రయోగం నుంచి పుట్టాలి. వచ్చే ఆక్సిజన్‌ని నీళ్లలో బోర్లించిన కొలగొట్టంలో పట్టి, మొదటి నిమిషంలో ఎంత వచ్చిందో చూస్తారు. మిగతాదంతా అలాగే ఉంచి అయొడైడ్ సగం చేస్తే వేగం సగం అవుతుంది. అయొడైడ్ అలాగే ఉంచి పెరాక్సైడ్ గాఢత సగం చేస్తే అప్పుడూ వేగం సగం. అంటే నెమ్మది దశలో ఒక పెరాక్సైడ్, ఒక అయొడైడ్ కలుస్తున్నాయి. మొదటి దశలో ఉన్నవి సరిగ్గా అవే. రెండో దశ నెమ్మదిదై ఉంటే రెండు పెరాక్సైడ్‌లు కలిసొచ్చే లెక్క పడేది, గాఢత సగం చేస్తే వేగం పావుకి పడిపోయేది. అలా జరగదు. అయితే ఈ కొలతలన్నీ కలిపినా రెండో శిఖరం ఎత్తెంతో, గుంట లోతెంతో చెప్పవు. మొదటి శిఖరం ఎత్తే చెబుతాయి. పుస్తకంలో రెండో శిఖరాన్ని కాస్త పొట్టిగా, గుంటని కాస్త గుండ్రంగా గీస్తే అది చిత్రకారుడి చెయ్యి, కొలత కాదు.

ల్యాబ్‌లో చేసేటప్పుడు ద్రావణం కొంచెం పసుపుగానో గోధుమరంగులోనో మారడం చూస్తారు. పిల్లలు దాన్ని చూసి 'అదే మధ్యస్థం' అంటారు. కాదు. అయొడైడ్‌లో కొంత భాగం పక్కదారి పట్టి అయొడిన్ అయింది, ఆ రంగు దానిది. పక్కదారికి ఇంకో శిఖరం, ఇంకో గీత ఉంటాయి, మన బొమ్మలో అది గీయలేదు. 3 శాతం మెడికల్ షాపు సీసాతో ఈ ప్రయోగం నిదానంగా, చూసేందుకు వీలుగా నడుస్తుంది. 30 శాతం ల్యాబ్ సీసాతో చేస్తే విడుదలైన వేడి ద్రావణాన్ని మరిగించి ఆవిరి ఎగజిమ్ముతుంది, చర్మం మీద పడితే తెల్లగా కాలుతుంది. పిల్లల చేతికి ఆ సీసా ఇవ్వను.

బుడగలు ఆగిపోయాక ఆ అమ్మాయి గొట్టం కడగడానికి తీసుకెళ్తుంటే ఆపాను. అయొడైడ్ ఏదీ వెయ్యకుండా అందులో ఇంకో రెండు చెంచాల పెరాక్సైడ్ మాత్రం పొయ్యమన్నాను. పోసింది. నురగ మళ్లీ లేచింది.